విష్‌లిస్ట్ మెయిల్‌లో 60% ఆఫ్ అంటోంది, నిజంగా తగ్గినట్టా?

ప్రశ్న: స్టీమ్‌లో ఒక సిటీ బిల్డర్ గేమ్ ఏడాదిగా నా విష్‌లిస్ట్‌లో ఉంది. ఇప్పుడు 60% ఆఫ్, ₹880ది ₹352కే అని మెయిల్ వచ్చింది, ఇంకో నాలుగు రోజులే ఉందంట. ఇలాంటి మెయిల్ రెండు నెలలకోసారి వస్తూనే ఉంది. ఇది నిజంగా తగ్గించడమా, లేక మామూలుగా తిప్పి తిప్పి పెట్టేదేనా? ఎలా కనిపెట్టాలి? లింక్ కింద పెట్టాను, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి. ఉండేది బెంగళూరు, కాబట్టి రూపాయల ధరే కావాలి.

జవాబు:

తిప్పి తిప్పి పెట్టేదే. మీ లింక్ తెరిచి ధరల చార్ట్ చూశా, సరిగ్గా ఈ ₹352కి ఈ గేమ్ దిగడం ఇది అయిదోసారి. దీనికంటే తక్కువకి రెండుసార్లు వచ్చింది కూడా. ఈ వారమే ఆడాలని ఉంటే కొనుక్కోండి, నష్టమేం లేదు, కానీ "నాలుగు రోజులే" అన్నందుకు మాత్రం కొనకండి.

కనిపెట్టే పద్ధతి ఒక్క ముక్కలో: ప్రతి గేమ్‌కీ మాటిమాటికీ దిగే ఒక ధర ఉంటుంది, రూపాయల్లో దానికంటే కిందకి దిగితేనే నిజమైన తగ్గింపు. పర్సెంట్ ఎంతైనా కానివ్వండి. మా ఊళ్ళో ఆషాఢం డిస్కౌంట్లప్పుడు అమ్మతో బట్టల షాపుకి వెళ్తే అమ్మ బయట కట్టిన బ్యానర్ వైపు చూసేది కాదు, చీర చేతిలోకి తీసుకుని చీటీ తిప్పి ఇదే రకం పోయిన దసరాకి ఎంతకి తెచ్చామో గుర్తుచేసుకునేది. ఇక్కడ చేయాల్సింది కూడా అచ్చంగా అదే, కాకపోతే గుర్తుపెట్టుకునే పని చార్ట్ చేస్తుంది.

నేను హెచ్ఎస్ఆర్ లేఔట్‌లో ఒక చిన్న గేమ్ స్టూడియోలో పనిచేస్తా, నాలుగేళ్ళుగా మా గేముల స్టోర్ పేజీలు, ధరలు, డిస్కౌంట్లు పెట్టే పని నాదే. అంటే మీకొచ్చిన ఆ మెయిల్‌కి అవతల వైపు కూర్చునేవాణ్ణి. అందుకే ముందు ఆ వైపు నుంచి చెప్తా, అది అర్థమైతే చార్ట్ చదవడం సులువు.

మెయిల్ రెండు నెలలకోసారి ఎందుకొస్తుంది

స్టీమ్‌లో డిస్కౌంట్ ఎప్పుడు పడితే అప్పుడు పెట్టలేం, రూల్స్ ఉన్నాయి. మేం సొంతంగా పెట్టే డిస్కౌంట్ ఒకటి గరిష్ఠంగా 14 రోజులు నడుస్తుంది. అది అయిపోయాక ఇంకోటి పెట్టాలంటే 30 రోజులు ఆగాలి. లెక్కేస్తే 44 రోజులకోసారి, అంటే ఏడాదికి సుమారు ఎనిమిదిసార్లు వీలవుతుంది. స్టీమ్ పెట్టే నాలుగు పెద్ద సేల్స్ ఉన్నాయి కదా, స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్, వాటికి ఈ 30 రోజుల ఆగుడు వర్తించదు, ఎప్పుడైనా చేరొచ్చు.

ఇక రెండో సంగతి, డిస్కౌంట్ 20% లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్ళకి మెయిల్ వెళ్తుంది. ఇప్పుడు మా స్థానంలో మీరు కూర్చుని చూడండి. ఏళ్ళ తరబడి విష్‌లిస్ట్‌లో పడి ఉన్నవాళ్ళకి గేమ్ గుర్తుచేయడానికి మాకున్న గట్టి దారి ఆ మెయిలే. 30 రోజుల గడువు తీరిందా, మళ్ళీ డిస్కౌంట్ పెట్టామా, మళ్ళీ మెయిల్ వెళ్ళిందా. దీన్ని మోసం అనను, అది అమ్ముకునే పద్ధతి. కానీ కొనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏంటంటే మెయిల్ రావడం అనేది ధర తగ్గిందని చెప్పే వార్త కాదు, గడువు తీరిందని చెప్పే వార్త.

మీ గేమ్‌నే తీసుకోండి. ఈ 2025లో సమ్మర్ సేల్ జూలై 10న ముగిసింది. 30 రోజులు కలిపితే ఆగస్టు 9. మీ మెయిల్ ఆగస్టు రెండో వారంలో వచ్చింది. అంటే వీలు దొరికిన మొదటి వారంలోనే పెట్టేశారు. మార్చి 20న స్ప్రింగ్ సేల్ అయిపోయింది, మే మొదట్లో ఇంకోటి పెట్టారు. చార్ట్‌లో ఈ గ్యాప్‌లు కొలిచి చూస్తే, నెలా నెలన్నర దూరంలో పళ్ళ దువ్వెనలా సమానంగా ధర దిగిన చోట్లు కనిపిస్తే, అది రొటీన్ అని పది సెకన్లలో తెలిసిపోతుంది.

చార్ట్ ఎలా చూడాలి

steamdb.info లో గేమ్ పేరు కొట్టండి. ధరల దగ్గర దేశాలవారీగా పట్టీ ఉంటుంది, అందులో ఇప్పటి ధర, పక్కనే ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ధర ఉంటాయి. అక్కడ ఇండియా రూపాయి వరసే చూడండి. చాలామంది డాలర్ గీత చూసి మోసపోతారు, ఎందుకంటే డాలర్ ధర కదలకుండా రూపాయి ధర ఒక్కటే పెరిగిన గేములు బోలెడున్నాయి. 2022 అక్టోబర్‌లో స్టీమ్ ఒక్కో దేశానికి సూచించే ధరల పట్టికని మార్చింది, మన రూపాయి ధరల సూచన బాగా పెరిగింది. అది సూచన మాత్రమే, పాటించాలని లేదు, కానీ ఆ తర్వాత నెలల్లో చాలామంది పబ్లిషర్లు దాని ప్రకారం సర్దేశారు. మీ గేమ్ కూడా అందులో ఉంది.

మీ గేమ్ చరిత్రలో ముఖ్యమైనవి తీసి రాశా:

- 2021 నవంబర్, విడుదల: అసలు ధర ₹529, 10% తగ్గించి ₹476
- 2022 జూన్: 25%, ₹396
- 2022 డిసెంబర్: 40%, ₹317
- 2023 ఫిబ్రవరి: డిస్కౌంట్ కాదు, అసలు ధరే ₹880 అయింది
- 2023 జూన్: 50%, ₹440
- 2023 డిసెంబర్: 55%, ₹396
- 2024 జూన్: 60%, ₹352
- 2024 డిసెంబర్: 65%, ₹308
- 2025 మార్చి, మే, జూన్, ఇప్పుడు ఆగస్టు: 60%, ₹352

పర్సెంట్లు మాత్రమే చూస్తే 10, 25, 40, 50, 55, 60, ప్రతిసారీ ఇదివరకెప్పుడూ లేనంత తగ్గింపు అనిపిస్తుంది. రూపాయలు చూడండి. 2023 జూన్‌లో 50% అన్నప్పుడు ధర ₹440, అంతకు ఆర్నెల్ల ముందు 40% అన్నప్పుడు ₹317. పర్సెంట్ పది పెరిగింది, ధర ₹123 పెరిగింది. 2022 డిసెంబర్ ధరని రూపాయల్లో దాటి కిందకి రావడానికి ఈ గేమ్‌కి సరిగ్గా రెండేళ్ళు పట్టింది, 2024 డిసెంబర్ దాకా. ఈ నాలుగేళ్ళలో విడుదలయ్యాక వచ్చిన నిజమైన తగ్గింపులు నా లెక్కలో మూడే, 2022 జూన్, 2022 డిసెంబర్, 2024 డిసెంబర్. మిగతావన్నీ పాత ధర దగ్గరికి తిరిగి రావడమే.

ఇలాంటిదే నాకూ జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. 2023 సమ్మర్ సేల్‌లో ఒక స్ట్రాటజీ గేమ్ 50% అని రాత్రికి రాత్రి కొనేశా, మర్నాడు ఆఫీసులో మా సీనియర్ ఒకాయన చార్ట్ తెరిచి చూపిస్తే అంతకు ముందు శీతాకాలంలో 33% అప్పుడే దానికంటే తొంభై రూపాయలు తక్కువకి ఉంది. డబ్బు పెద్దది కాదు, కానీ ధరలు పెట్టే పనిలోనే ఉండి అది చూసుకోలేదని బాధేసింది. ఆ రోజు నుంచి పర్సెంట్ ఉన్న ఆకుపచ్చ డబ్బాని అసలు లెక్కలోకి తీసుకోను.

సేల్ ముందు రోజు ధర పెంచేసి మర్నాడు తగ్గించినట్టు చూపించొచ్చా అని అడుగుతారు చాలామంది. స్టీమ్‌లో కుదరదు, ఏ కరెన్సీలోనైనా ధర పెంచితే 30 రోజుల దాకా డిస్కౌంట్ పెట్టనివ్వదు, పెద్ద సేల్‌కి కూడా ఈ రూల్ సడలించదు. కానీ రెండు మూడు నెలల ముందు పెంచితే అడ్డేం లేదు. అందుకే చార్ట్‌లో కిందకి దిగిన చోట్లు చూసేముందు పైన అడ్డంగా వెళ్ళే గీత చూడండి, అది ఎక్కడైనా మెట్టులా పైకి లేచిందా అని. లేస్తే ఆ మెట్టుకి ముందు, తర్వాత పర్సెంట్లని పోల్చకూడదు, రూపాయలనే పోల్చాలి. యూరప్‌లో 2022 మే నుంచి తగ్గింపు చూపించేటప్పుడు గత 30 రోజుల్లో అతి తక్కువ ధర చెప్పాలని నిబంధన ఉంది, మనకి స్టోర్ పేజీ మీద అలాంటి గీటురాయి కనపడదు, కాబట్టి చార్ట్ మనమే తెరవాలి.

ఎప్పుడు నిజంగా తగ్గిస్తారు

ధర కిందకి దింపడం మా వైపు చాలా ఆలోచించి తీసుకునే నిర్ణయం. ఎందుకంటే చార్ట్‌లో ఒకసారి పడిన ధర ఇక చెరగదు, ఆ తర్వాత దానికంటే ఎక్కువకి పెడితే చూసినవాళ్ళు ఆగిపోతారు. అందుకే మెట్లు మెట్లుగా దిగుతాం, 20, 25, 33, 40, 50 అలా, ఒక్కో మెట్టు మీద ఆర్నెల్లో ఏడాదో కూర్చుంటాం. ఆ మెట్టు మీద అమ్మకాలు సన్నబడ్డాకే తర్వాతి మెట్టు. మా మొదటి గేమ్‌కి 33% నుంచి 40%కి వెళ్ళడానికి ముగ్గురం కూర్చుని సాయంత్రమంతా వాదించుకున్నాం, చివరికి వింటర్ సేల్ దాకా ఆపుదామని తేల్చాం, ఎందుకంటే కొత్త తక్కువ ధర వేసేది ఎలాగూ ఒక్కసారే, జనం ఎక్కువ ఉన్నప్పుడు వేస్తేనే ఫలితం.

మీ చార్ట్‌లోనూ అదే కనిపిస్తుంది, కొత్త మెట్టు ప్రతిసారీ జూన్‌లోనో డిసెంబర్‌లోనో పడింది, మధ్యలో మార్చి, మే, ఆగస్టు డిస్కౌంట్లు ఉన్న మెట్టునే మళ్ళీ చూపించాయి. అన్ని గేములూ ఇలా ఉండవు. కొన్నిటికి రెండో భాగం ప్రకటించినప్పుడు మొదటి భాగం ధర ఢమాల్న పడుతుంది, కొన్నిటికి పెద్ద డీఎల్‌సీ, అంటే గేమ్‌కి విడిగా కొనుక్కునే అదనపు భాగం, వచ్చిన వారం పడుతుంది. ఒక గేమ్‌కి ఏ నెలల్లో కొత్త కనిష్ఠం పడిందో నాలుగైదు చుక్కలు చూస్తే దాని అలవాటు తెలిసిపోతుంది.

డీఎల్‌సీలు ఉంటే మొత్తం కలిపి లెక్కేయండి

ఇది మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం, మీరు అడగలేదు గానీ. ఈ గేమ్‌కి రెండు డీఎల్‌సీలు ఉన్నాయి, ఒక్కోటి ₹430. ఇప్పుడు బేస్ గేమ్ మీద 60% ఉంది గానీ వాటి మీద 20% మాత్రమే, అంటే ఒక్కోటి ₹344. మూడూ కలిపి ₹1,040. అసలు ధరలు కలిపితే ₹1,740. కాబట్టి మెయిల్‌లో 60% అన్నది మొత్తం మీద చూస్తే 40% చిల్లర. పోయిన డిసెంబర్‌లో డీఎల్‌సీల మీద కూడా 40% ఉంది, ఒక్కోటి ₹258, మూడూ కలిపి ₹824.

బేస్ గేమ్ ఒక్కటే అయితే ఇప్పటి ధరకీ ఆ కనిష్ఠానికీ తేడా ₹44, దర్శినిలో ఇడ్లీ తిని కాఫీ తాగితే అయిపోయే డబ్బు, దానికోసం నాలుగు నెలలు ఎదురుచూడమని నేను చెప్పను. మూడూ కావాలంటే తేడా ₹216, అప్పుడు ఆగడంలో అర్థం ఉంది. సిటీ బిల్డర్లలో కొంతకాలం ఆడాక డీఎల్‌సీ కొనాలనిపించడం సహజం, అందుకే బేస్ గేమ్‌ని బాగా తగ్గించి లోపలికి రప్పిస్తారు. డీఎల్‌సీలకి కూడా స్టీమ్‌డీబీలో విడిగా పేజీ, విడిగా చార్ట్ ఉంటాయి, అవి చూడకుండా బేస్ గేమ్ చార్ట్ ఒక్కటే చూస్తే సగమే తెలిసినట్టు.

బండిల్ ఉంటే అది కూడా తెరిచి చూడండి. బండిల్ తగ్గింపు విడి డిస్కౌంట్ల మీద అదనంగా పడుతుంది, మూడింటి బండిల్‌కి 10% ఉందనుకోండి, ₹1,040 కాస్తా ₹936 అవుతుంది. మీ దగ్గర ఒకటి ఇప్పటికే ఉంటే మిగతావాటికీ ఆ 10% వస్తుంది. ఇది గేమ్ ధర చార్ట్‌లో కనపడదు, అందుకే చార్ట్‌లో కనిష్ఠం అన్నది కొన్నిసార్లు అసలైన కనిష్ఠం కాదు.

చార్ట్‌ని ఎక్కడ నమ్మకూడదు

కనిష్ఠం ఎంత అని ఒక్క అంకె చూసి ఆగిపోవద్దు, అది ఎన్నిసార్లు, ఎన్ని రోజులు నిలిచిందో చూడండి. నాలుగేళ్ళలో ఒక్కసారి ఒక్కరోజు సూదిమొనలా దిగి లేచిన ధర ఉంటే అది పొరపాటున పెట్టిందై ఉండొచ్చు, మళ్ళీ వస్తుందని దానికోసం కూర్చోవద్దు. రెండు సేల్స్‌లో పూర్తిగా నడిచిన ధరైతే మళ్ళీ వస్తుందని ధైర్యంగా ఆగొచ్చు. మీ గేమ్ ₹308 ఒక్కసారే వచ్చింది గానీ వింటర్ సేల్ పొడుగునా ఉంది, కాబట్టి అది పొరపాటు కాదు, కావాలని వేసిన మెట్టే.

వేరే స్టోర్లతో పోల్చాలంటే isthereanydeal.com ఉంది, అందులో దేశం ఇండియాగా పెట్టుకోవడం మర్చిపోకండి. అది చాలా స్టోర్ల కనిష్ఠం చూపిస్తుంది, అందులో కూపన్‌తో వచ్చినవీ ఉంటాయి, కాబట్టి ఏ స్టోర్‌లో ఎప్పుడు అన్నది చూసి స్టీమ్ కనిష్ఠాన్ని విడిగా రాసుకోండి. మీకు కావాల్సిన ధర పెట్టుకుంటే ఆ ధరకి వచ్చినప్పుడే కబురు చేసే సదుపాయం అక్కడ ఉంది, స్టీమ్ విష్‌లిస్ట్ మెయిల్ కంటే అది మేలు, ఎందుకంటే స్టీమ్ మెయిల్‌కి మీ లక్ష్యం ఎంతో తెలీదు. నేను విష్‌లిస్ట్‌లో గేమ్ పెట్టిన రోజే చార్ట్ చూసి ఎంతకొస్తే కొనాలో ఫోన్ నోట్స్‌లో ఒక్క అంకె రాసుకుంటా. మెయిల్ వస్తే ఆ అంకెతో పోలుస్తా, అంతే.

కొత్తగా విడుదలైన గేములకి ఈ పద్ధతి పనిచేయదు, చరిత్రే ఉండదు కదా. విడుదల డిస్కౌంట్ 10% మిస్సయిందని మాత్రం దిగులు పడకండి, అది ముగిశాక 30 రోజుల దాకా ఇంకో డిస్కౌంట్ ఉండదు గానీ ఆ తర్వాత వచ్చే మొదటి పెద్ద సేల్‌లో సాధారణంగా అంతో అంతకంటే ఎక్కువో వస్తుంది.

ఇంకొకటి, పెద్ద సేల్ నడుస్తుండగా రేపు ఇంకా తగ్గుతుందేమో అని రోజూ చూసుకునే అలవాటు కొందరికి ఇంకా ఉంది. 2015 దాకా గంటలవారీ ఫ్లాష్ సేల్స్ ఉండేవి, అప్పుడు అది సరైనదే. ఇప్పుడు మొదటి రోజు ధరే చివరి రోజుదాకా ఉంటుంది. పొరపాటున సేల్‌కి ముందు కొన్నా కంగారు లేదు, కొని 14 రోజులు దాటకుండా, ఆడింది రెండు గంటల లోపుంటే రీఫండ్ తీసుకుని సేల్ ధరకి మళ్ళీ కొనుక్కోవచ్చు, దాన్ని దుర్వినియోగంగా పరిగణించబోమని స్టీమ్ రీఫండ్ పేజీలోనే రాసి ఉంది.

మీ గేమ్ సంగతికొస్తే, ఈ 2025 ఆటమ్ సేల్ సెప్టెంబర్ 29న మొదలవుతుంది, అప్పుడు ఈ ₹352 మళ్ళీ రావడానికి చాలా అవకాశం ఉంది, కాబట్టి ఈ నాలుగు రోజులు వదిలేసినా పోయేదేం లేదు. వింటర్ సేల్ డిసెంబర్ 18న. దీని అలవాటు ప్రకారం అప్పుడు ₹308 అయినా రావాలి, ఏడాది ఒకే మెట్టు మీద కూర్చుంది కాబట్టి 70% వేస్తే ₹264. బేస్ గేమ్ ఒక్కటే చాలనుకుంటే ఇప్పుడే తీసుకుని ఆడుకోండి. డీఎల్‌సీలతో కావాలంటే మూడింటికీ కలిపి ₹824 అని రాసి పెట్టుకోండి, డిసెంబర్ 18 రాత్రి పదకొండున్నర దాటాక తెరిచి చూడండి, పన్నెండు లోపే కొత్త ధరలు వస్తాయి మన టైమ్‌కి.